నొప్పి తగ్గింది, అందుకే క్లినిక్‌కి ఫోన్ చేశాను

నడుంనొప్పి నాకు కొత్తేం కాదు, ఏడాదికోసారి పట్టేసి నాలుగు రోజుల్లో వదిలేసేది. ఈసారి మాత్రం నడుము నుంచి కుడి పిరుదులోకి, అక్కడి నుంచి తొడ పక్కగా పిక్క మీదుగా పాదం పైభాగం దాకా కరెంటు తీగ లాగినట్టు లాగింది. మామూలుగా చూపించుకునే డాక్టరు గారు మాత్రలు రాసి, రెండు వారాలైనా తగ్గకపోవడంతో ఎమ్మారై తీయించారు. ఎల్4, ఎల్5 ఎముకల మధ్య ఉన్న డిస్క్ బయటికి పొంగి కుడివైపు ఎల్5 నరాన్ని నొక్కుతోందని వచ్చింది. వాడుకలో సయాటికా అంటారే, అదే. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది, కంగారు పడకండి, కానీ ఒకసారి వెన్నెముక డాక్టరుకి చూపించండి అన్నారు. 3వ తేదీన ఫోన్ చేస్తే 24వ తేదీ ఇచ్చారు. సరే అనుకున్నాను.

9వ తేదీ రాత్రి మా ఆవిడ వంటింట్లోంచి, "ఏమండీ, మీ నడక చప్పుడు ఏదోలా ఉందేంటి?" అంది. నాకేం తెలియలేదు. మళ్లీ నడవమంది. ఎడమ పాదం మామూలుగా పడుతోంది, కుడి పాదం మాత్రం మడమ ఆనగానే ముందుభాగం టప్‌మని నేలకి కొట్టుకుంటోంది, తడి గుడ్డ జారిపడినట్టు. నిజానికి ఆ రోజు పొద్దున చెప్పు కాలి నుంచి ఊడిపోతే నాలుగడుగులు వేశాక గాని చూసుకోలేదు, చెప్పు వదులైందనుకున్నాను. చెప్పు బాగానే ఉంది.

మర్నాడు మెట్లు ఎక్కుతుంటే కుడికాలి వేళ్లు మెట్టు అంచుకి తగిలి తూలాను. వెంటనే క్లినిక్‌కి ఫోన్ కొట్టాను. ఆ ఫోన్ ఎలా మాట్లాడకూడదో చెప్పడానికే ఇది రాస్తున్నాను అనుకోండి.

నేను అన్నది ఇదీ: "మేడం, చాలా ఇబ్బందిగా ఉంది, తట్టుకోలేకపోతున్నాను, కొంచెం అపాయింట్‌మెంట్ ముందుకు జరపండి." ఆమె చాలా మర్యాదగా, "ముందుకంటే వచ్చే నెల మొదటి వారంలో ఉందండి, ఇవ్వనా?" అంది. మన భాషలో ఈ ముందుకు, వెనక్కి గొడవ ఎప్పటిదో. నేను ముందుకు అంటే తొందరగా అనుకున్నాను, ఆమె ముందుకు అంటే తర్వాతి తేదీకి అనుకుంది. అది సర్దుకున్నాక, "నొప్పి ఎక్కువగా ఉందా అండి?" అని అడిగింది. ఎక్కువగానే ఉంది అన్నాను. "అందరూ నొప్పితోనే వస్తారండి, ఎవరైనా రద్దు చేసుకుంటే చెప్తాను" అంది. ఫోన్ పెట్టేశాక కోపం వచ్చింది, కానీ ఆలోచిస్తే తప్పు ఆమెది కాదు. కాలు బలం తగ్గిందని, తూలానని నేను చెప్పనే లేదు. పైగా నొప్పి ఎక్కువైంది అన్నది అబద్ధం. ఆ రెండు రోజులుగా నొప్పి తగ్గింది, రాత్రి నిద్ర కూడా పట్టింది. ఇబ్బంది అంటే నొప్పే అని నోటికి అలవాటై అలా వచ్చేసింది.

ఇక్కడే అసలు విషయం ఉంది. నరం నొక్కుకుపోయినప్పుడు నొప్పి తగ్గడం, పాదం బలం పోవడం రెండూ ఒకేసారి జరగొచ్చు. నొప్పి తగ్గింది కదా అని నయమవుతోందనుకుని కూర్చునేవాళ్లున్నారు, నేనూ ఒక పూట అలాగే కూర్చున్నాను. పాదాన్ని, ముఖ్యంగా బొటనవేలిని పైకి లేపే కండరాలకి పని చెప్పేది ప్రధానంగా ఆ ఎల్5 నరమే. అది నలిగితే పాదం వేలాడిపోతుంది, ఫుట్ డ్రాప్ అంటారు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. ఆ రోజు తెలిసిందల్లా, 3వ తేదీన చేయగలిగిన పని ఒకటి 10వ తేదీన చేయలేకపోతున్నానని.

ఆ రాత్రి నేనూ మా ఆవిడా కూర్చుని ఆ పని ఏమిటో సరిగ్గా చూసుకున్నాం. మడమల మీద నడిచి చూశాను, ఆమె పక్కనే పట్టుకుని ఉంది. ఎడమ మడమ మీద నిలబడగలిగాను, కుడి పాదం ముందుభాగం గాల్లో ఆగడం లేదు. తర్వాత పడుకుని రెండు బొటనవేళ్లూ పైకి లేపాను. ఎడమ వేలిని ఆమె చేత్తో నొక్కినా కిందికి దిగలేదు, కుడి వేలు ఆమె ఒక్క చూపుడువేలితో నొక్కగానే దిగిపోయింది. ఆమె మొహం చూస్తే నాకు టెన్షన్ మొదలైంది. మా బావమరిది ఫోన్‌లో, "బావా, స్పృహ తప్పి పడిపోయానని చెప్పు, రేపే పిలుస్తారు" అని సలహా ఇచ్చాడు. మంచి ఉద్దేశమే. కానీ స్పృహ తప్పానంటే వాళ్లు గుండె గురించి, తల గురించి అడుగుతారు, నన్ను ఇంకో చోటికి పంపిస్తారు, కాలు మాట వెనకబడుతుంది. ఉన్నదే చాలినంత భయంకరంగా ఉంది, కల్పించాల్సిన పని లేదు.

11వ తేదీ పొద్దున 9 గంటలకి, క్లినిక్ వాట్సాప్ నంబరుకి ఈ మెసేజ్ పంపాను. పేరు, నంబర్లు తీసేసి ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను.

"నమస్కారం. నా వయసు 46. 24వ తేదీ ఉదయం 11 గంటలకు వెన్నెముక డాక్టరు గారితో అపాయింట్‌మెంట్ ఉంది. ఎల్4-ఎల్5 డిస్క్ కుడివైపు నరాన్ని నొక్కుతోందని స్కాన్‌లో వచ్చింది, రిపోర్టు జత చేశాను. 3వ తేదీన అపాయింట్‌మెంట్ తీసుకున్నప్పుడు నొప్పి, తిమ్మిరి మాత్రమే ఉన్నాయి. 9వ తేదీ నుంచి కుడి పాదంలో బలం తగ్గింది. కుడి మడమ మీద నడవలేకపోతున్నాను. బొటనవేలు పైకి లేస్తోంది కానీ ఒక వేలితో నొక్కినా దిగిపోతోంది. ఎడమ కాలు మామూలుగా ఉంది. నిన్న రెండుసార్లు తూలాను, పడలేదు. నొప్పి మాత్రం మునుపటికంటే తక్కువ. మూత్రం, విరేచనం మామూలుగానే ఉన్నాయి, కూర్చునే చోట మొద్దుబారలేదు, జ్వరం లేదు. 24 కంటే తొందరగా రావాలా, అప్పటిదాకా ఆగవచ్చా అన్నది డాక్టరు గారిని అడిగి చెప్పగలరా? 24 లోపు ఏ రోజైనా, ఏ వేళకైనా రాగలను."

మూత్రం గురించిన వాక్యం నా తెలివి కాదు, స్కాన్ రిపోర్టు ఇచ్చిన రోజు మా డాక్టరు గారు హెచ్చరించి పంపారు. మూత్రం పోయడం కష్టమైనా, తెలియకుండా పోయినా, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా, రెండు కాళ్లూ బలహీనపడుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఎవరికీ మెసేజ్ పెట్టకండి, రాత్రయినా సరే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి అని. వెన్ను చివర ఉండే నరాల గుత్తి మొత్తం నలిగినప్పుడు వచ్చే లక్షణాలవి, గంటలు కూడా లెక్కే. నాకు అవి లేవు. లేవన్న సంగతి కూడా రాయడం ఎంత పనికొచ్చిందో తర్వాత అక్కడి నర్సు చెప్పింది. అది రాయకపోతే ముందు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడగాల్సి వచ్చేదట.

మధ్యాహ్నం దాకా జవాబు లేదు. మెసేజ్ మీద మెసేజ్ పెట్టాలని చెయ్యి లాగింది గాని ఆపుకుని 12 గంటలకి ఒక్క ఫోన్ చేశాను. అదే అమ్మాయి. ఈసారి కథంతా చెప్పలేదు. "పొద్దున 9 గంటలకి ఒక మెసేజ్ పంపానండి, రెండు రోజులుగా పాదం బలం తగ్గుతోంది, డాక్టరు గారికిగానీ నర్సుకిగానీ చూపించగలరా" అన్నాను, అంతే. "బలం తగ్గిందా, నొప్పి కాదా?" అని తనే మళ్లీ అడిగింది. ఒక్క నిమిషం ఉండమని లోపలికి వెళ్లినట్టుంది. ఆ అమ్మాయి చేతిలో ఖాళీలు లేవు, ఎవరిది ముందో నిర్ణయించే అధికారమూ లేదు. నిర్ణయించేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లడానికి ఆమెకి ఒక మాట కావాలి, మొన్న నేను ఇవ్వనిది అదే. అరగంటలో నర్సు ఫోన్ చేసింది. బలం ఇంకా తగ్గిందా, రెండో కాలు ఎలా ఉంది అని అడిగి, "రేపు ఓపీ మొదలవకముందే 8:30కి రండి, ఈలోపు మూత్రం తేడా అనిపిస్తే రేపటిదాకా ఆగకండి" అంది.

12వ తేదీన డాక్టరు గారు మడమల మీద నడిపించి, బొటనవేలు నొక్కి చూశారు. బలానికి 0 నుంచి 5 దాకా అంకెలుంటాయి, నాది 3. పైకి లేపగలను కానీ ఏ మాత్రం ఎదురు ఒత్తిడి తట్టుకోలేను అని దానర్థం. మూడు రోజుల్లో ఇంత తగ్గింది కాబట్టి ఇక మాత్రలతో చూడడం కంటే డిస్క్ ముక్క తీసేయడమే మంచిదని, అయినా బలం పూర్తిగా వస్తుందని హామీ ఇవ్వలేనని ఉన్నమాట చెప్పారు. 14న ఆ ఆపరేషన్, మైక్రోడిస్కెక్టమీ అంటారు, అయింది. లేచేసరికి కాలిలో లాగుడు పోయింది. పాదం మాత్రం అలాగే వేలాడుతోంది, అది చూసి ఆపరేషన్ ఫెయిలైందని రెండు రోజులు బెంగపడ్డాను. నొప్పి తొందరగా పోతుంది, బలం రావడానికి మాత్రం నెలలు పట్టొచ్చు అని ఫిజియోథెరపీ ఆయన రోజూ చెప్తూనే ఉన్నా నాకు ఎక్కలేదు. పాదం వేలాడకుండా ఒక ప్లాస్టిక్ పట్టీ ఇచ్చారు, దాన్ని షూలో పెట్టుకుని ఆరు వారాలు నడిచాను.

ఇప్పటికి అయిదో నెల. పళ్లు తోముకుంటూ రెండు మడమల మీదా నిలబడగలుగుతున్నాను, కుడిది కాసేపటికి వణుకుతుంది. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య గోరంత చోట ఇంకా మొద్దుగానే ఉంది, చెప్పు వేసుకుంటే పట్టీ అక్కడ తగిలినట్టే తెలియదు.