గుణించేస్తే ఫార్ములా దాక్కుంటుంది

y = 1/(2x+3) కి n-వ అవకలజం కావాలి. వరుసగా అవకలనం చేస్తూ లెక్క పూర్తిగా గుణించేస్తే లవంలో −2, 8, −48, 384 వస్తాయి. వీటిని ఎంతసేపు చూసినా వరస అంత తేలిగ్గా తట్టదు. మూడోదాన్ని గుణించకుండా అలాగే ఉంచండి:

y₃ = −(1·2·3)·2³/(2x+3)⁴

ఇప్పుడు అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. గుర్తు ప్రతిసారీ మారుతోంది కాబట్టి (−1)ⁿ. ఘాతాలు ఒక్కొక్కటిగా కిందికి దిగి n! అయ్యాయి. లోపలి 2x నుంచి ప్రతిసారీ ఒక 2 బయటికొచ్చి 2ⁿ అయింది; చాలామంది మరిచిపోయేది దీన్నే.

yₙ = (−1)ⁿ n! 2ⁿ/(2x+3)ⁿ⁺¹

హారంలో n+1 బదులు n రాశామేమో అని అనుమానమొస్తే n = 0 పెట్టండి, మొదటి ప్రమేయమే తిరిగి రావాలి. log(2x+3) దగ్గర మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ (n−1)! వస్తుంది, సూత్రం n = 1 నుంచే మొదలవుతుంది. అన్ని n లకూ రుజువు కావాలంటే గణితానుగమనం తప్పదు.