చవగ్గా వచ్చిన రెండు టన్నుల కవర్లు

బరంపురంలో మాది చిన్న దానా యూనిట్. పాల ప్యాకెట్లు కొని, కడిగి, కరిగించి దానా, అంటే మళ్లీ కవర్లు చేయడానికి పనికొచ్చే ప్లాస్టిక్ గింజలు చేస్తాం. ఊళ్లో బేరం సగం ఒడియాలో, సగం తెలుగులో నడుస్తుంది గానీ దానా మాట మాత్రం అందరికీ ఒకటే. పోయిన వేసవిలో ఒక చెత్త కాంట్రాక్టరు రెండు టన్నుల కలగలుపు కవర్లు ఇస్తానన్నాడు. పాల ప్యాకెట్ల ధరలో ఐదో వంతుకే! ఆశపడి దింపించుకున్నాను.

ఏరే పనికి వచ్చే పిన్ని మొదటి మూట విప్పుతూనే, "బాబూ, ఇందులో పాల ప్యాకెట్ ఏదీ?" అంది. ఉన్నవన్నీ చిప్స్ రేపర్లు, షాంపూ సాషేలు, క్యారీబ్యాగులు. నేను నీళ్ల తొట్టిని నమ్ముకున్నాను. పాలిథిన్, పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక కాబట్టి తేలతాయి. నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్ పెట్. నీటి సాంద్రత 1 అయితే దానిది 1.38, మునిగిపోతుంది. సీసాల ముక్కలకు ఈ లెక్క తప్పదు.

సాషే దగ్గర తప్పింది. అది ఒక్క పొర కాదు. 12 మైక్రాన్ల పెట్‌కి 50 మైక్రాన్ల పాలిథిన్ అంటించి ఉంటే, రెండూ కలిపి సాంద్రత 1.01 దగ్గరికి వస్తుంది. అంటే నీటితో దాదాపు సమానం. పాలిథిన్ పొర ఇంకో పది మైక్రాన్లు మందమైతే తేలుతుంది. పల్చటి ముక్కకు ఒక గాలి బుడగ అంటుకున్నా చాలు, మునగాల్సింది పైకి వచ్చేస్తుంది. అలా పెట్ నా కళ్ల ముందే మంచి సరుకులో కలిసిపోయింది.

ప్లాస్టిక్‌ని కరిగించి జాలీ గుండా నెట్టే మా ఎక్స్‌ట్రూడర్ మిషనుని 190 డిగ్రీల దగ్గర నడుపుతాం. పాలిథిన్ 110–125 మధ్య, పాలీప్రొపిలీన్ 165 దగ్గర కరుగుతాయి. పెట్ 250 దాటితే గాని కరగదు. కరగని తుంపులన్నీ వెళ్లి జాలీకి అడ్డం పడ్డాయి. మామూలుగా పూటకు రెండుసార్లు మార్చే జాలీని ఆ రోజు పావుగంటకోసారి మార్చాం. వేడి పెంచుదామా అంటే రంగుల ఇంకు పొగలై దానాలో బుడగలు పడతాయి. పోనీ పెట్ మొత్తం ఏరేసినా పాలిథిన్, పాలీప్రొపిలీన్ రెండూ కరిగాక కూడా సరిగా కలవవు. ఆ దానాతో కవరు ఊదినవాడు మర్నాడే ఫోన్ చేశాడు. నిలువునా చీలిపోతోందట. సరుకు వెనక్కి వచ్చింది.

అప్పుడు ఎవరో పైరాలిసిస్ ప్లాంటు గురించి చెప్పారు. గాలి తగలకుండా 400–500 డిగ్రీల్లో ఉడికిస్తే ప్లాస్టిక్ నూనె అవుతుంది, అందులో ఏదైనా వేసేయొచ్చు అని. ఆ ప్లాంటాయన వచ్చి ముందు జేబులోంచి రాగి తీగ తీశాడు. తీగను ఎర్రగా కాల్చి, కవరుకు తాకించి, మళ్లీ మంటలో పెట్టాడు. ఒక పల్చటి సీసా లేబుల్ దగ్గర మంట ఆకుపచ్చగా లేచింది. "ఇది పీవీసీ, నాకొద్దు" అన్నాడు. పీవీసీ బరువులో సగానికి పైగా, 57 శాతం, క్లోరిన్. వేడికి అది హైడ్రోక్లోరిక్ ఆమ్లమై ఇనుప గొట్టాల్ని తినేస్తుంది. సాషేలూ వద్దన్నాడు. పెట్ విడిపోయి తెల్లటి పొడిగా కండెన్సర్ గొట్టాల్లో గడ్డకట్టి దారి మూసేస్తుందట. ఇంకా, సరుకు ఆరి ఉండాలి.

"ఇంత ఏరాక నేనే దానా చేసుకోనా?" అని విసుక్కున్నాను. నిజానికి అది తొందరపాటు. నా మిషనులో కలవని పాలిథిన్, పాలీప్రొపిలీన్ ఆయన రియాక్టర్‌లో కలిసే ఉడుకుతాయి, రంగులున్నా ఫరవాలేదు. అంతవరకు ఆ పద్ధతే మేలు.

చిప్స్ రేపర్లు, క్యారీబ్యాగులు కలిపి 600 కిలోలు పంపాను. బరువులో సగం దాకా నూనె వచ్చింది. మిగిలినదాంట్లో గ్యాసు వాళ్ల కొలిమికే పోయింది, అడుగున ఇంకు, అల్యూమినియం కలిసిన నల్ల మసి మిగిలింది. ఆ నూనె మళ్లీ ప్లాస్టిక్ కావాలంటే నాఫ్తా క్రాకర్ ఉన్న పెద్ద పెట్రోకెమికల్ ఫ్యాక్టరీకి వెళ్లాలి. అక్కడ క్లోరిన్ పది లక్షల్లో కొన్ని పాళ్లు మించితేనే తీసుకోరు. అంతగా శుద్ధి చేసే ఏర్పాటు చిన్న ప్లాంటుకి ఎక్కడిది? నూనె బాయిలర్‌లో కాల్చడానికి పోయింది. ప్లాస్టిక్ ప్యాకింగ్ వాడే కంపెనీలే దాని చెత్తకు బాధ్యత తీసుకోవాలనేది ఈపీఆర్. అందుకే కాబోలు, 2022 ఈపీఆర్ మార్గదర్శకాల్లో ప్లాస్టిక్‌ని ఇలా నూనె చేయడం రీసైక్లింగ్ లెక్కలో లేదు, సిమెంటు కొలిమితో పాటు చివరి పారవేత కింద రాశారు. నాకైతే అది సరైన లెక్కే అనిపిస్తుంది.

సాషేల బేళ్లు వాన పడేదాకా షెడ్డులోనే ఉన్నాయి. ఆఖరికి లారీ బాడుగ నేనే పెట్టుకుని సిమెంటు ఫ్యాక్టరీకి తోలాను. ఇప్పుడు మా గేటు దగ్గర మేకుకి ఒక రాగి తీగ వేలాడుతూ ఉంటుంది. మూట దిగకముందే పిన్ని అది చేత్తో పట్టుకుని నిలబడుతోంది.