ఇంగువ డబ్బా

"జైనులకి వేరే సాంబారు ఎలాగూ పెడుతున్నాం కదా మేడమ్, గోధుమ పడని ఆయనకీ అదే వడ్డించేద్దాం" అన్నారు వంట మాస్టారు. రేపు బీచ్ రోడ్డు హోటల్లో మా కంపెనీ సదస్సు, 240 మంది.

ఇంగువ డబ్బా ఒకసారి చూపించమన్నాను. వెనకాల చిన్న అక్షరాల్లో గోధుమ పిండి అని ఉంది. మన బజార్లో దొరికే ఇంగువ పొడి చాలావరకు అంతే, ఘాటు తగ్గించడానికి పిండి, జిగురు కలుపుతారు. పైగా ఉల్లి, వెల్లుల్లి లేని లోటు తెలియకూడదని జైన సాంబారులో అదే మరో చెంచా ఎక్కువ పడుతుంది!

ఆయనకున్నది సీలియాక్ అనే జబ్బు, గోధుమ తింటే పేగు దెబ్బతింటుంది. ఇష్టాయిష్టాల సంగతి కాదు, చిటికెడు పిండి కూడా పేగుకి చేటే. పూరీలు వేగిన నూనెలో అప్పడం వేయించినా పనికిరాదు.

అందుకే ఆయన భోజనం అన్నిటికన్నా ముందు, కడిగిన గిన్నెల్లో వండమన్నాను. అన్నం, ఇంగువ లేని పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు. మూతపెట్టి పేరు రాసి లోపలే ఉంచుతారు. బఫేలో పెడితే పక్క గిన్నెలోని గరిట ఇందులోకి రావడానికి ఎంతసేపు?

టీకి పదిహేను నిమిషాలే విరామం కాబట్టి హాలు నాలుగు మూలలా నాలుగు కౌంటర్లు, చక్కెర విడిగా.

మాస్టారు మిగతా మసాలా డబ్బాలన్నీ తిప్పి చదువుతున్నారు. రసం పొడిలోనూ ఇంగువ ఉందట.