ఆరవ్ అంటే ప్రశాంతమట!

మా చెల్లి కొడుకు బారసాల కార్డులో "ఆరవ్ అంటే ప్రశాంతమైనవాడు" అని వేయించమన్నారు. పిల్లల పేర్ల వెబ్‌సైట్లు పన్నెండు తిరగేశా, పన్నెండింట్లోనూ అదే అర్థం. ఇంతమంది చెప్తున్నారుగా అనుకుని కార్డు ఫైనల్ చేయబోతూ చూస్తే చాలా వాటిలో ఒకే వాక్యం, ఒకే అచ్చుతప్పు. సాక్షి ఒక్కడే, తక్కినోళ్లంతా కాపీరాయుళ్లు. ఏ నిఘంటువులో ఉందో ఒక్కడూ చెప్పడు.

కొలోన్ యూనివర్సిటీ సైట్‌లో మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు (1899) ఉచితంగానే ఉంది. సంస్కృతాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే హార్వర్డ్-క్యోటో పద్ధతిలో దీర్ఘానికి పెద్ద అక్షరం కొట్టాలి, `Arava` అని. వచ్చిన అర్థాలు: కేక, ఊళ, చప్పుడు! అమరకోశంలో చూసినా "ఆరవారావసంరావవిరావా" అని ధ్వనికి పర్యాయపదాల వరసలోనే ఉంది. "రు" ధాతువు నుంచి రవం, దానికి ముందు "ఆ" ఉపసర్గ. లేదు అనే అర్థం రావాలంటే హ్రస్వ "అ" ఉండాలి. ఆ దీర్ఘాన్ని ఎవరో "లేని" అని చదువుకున్నారో, నిశ్శబ్దం అనే అర్థమున్న నీరవ్‌తో కలిపేశారో మరి.

అక్కడితో ఆగాల్సింది. గొప్పకి పోయి ఫ్యామిలీ గ్రూపులో పెట్టా: "తెలుగులో అరవడం అనే మాట కూడా ఈ ఆరవం నుంచే వచ్చింది." ఇరవై లైకులు. ఆ తర్వాత పెదనాన్న ఫోను, ఆయన రిటైర్డ్ తెలుగు మాస్టారు.

"ఒరేయ్, పిలవడంలో వ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

నీళ్లు నమిలా.

"పిలుచు, పిలవడం. నడచు, నడవడం. అరచు, అరవడం. ఆ వ క్రియారూపంలో వచ్చిందిరా, నీ రవంలోది కాదు. అరిచాడు, అరుపు, వీటిలో వ ఏదీ?"

స్పీకర్‌లో ఉంది, చెల్లి అత్తగారు పక్కనే కూర్చుని వింటున్నారు. ఆయన వదల్లేదు. "మీ ఓనరమ్మ పిల్లల్ని ఏమని తిడుతుంది?" బెంగళూరు మారతహళ్లిలో మా మెట్ల మీద రోజూ వినపడేదే: "అరచబేడ!" కన్నడంలోనూ అరచు అనే ఉంది. అది ద్రావిడ మాట, సంస్కృతం కాదు. వెబ్‌సైట్లు చేసిన తప్పే నేనూ చేశా, రెండు మాటలు ఒకేలా వినపడితే చుట్టాలని తేల్చేశా.

పేరు వెతికేవాళ్లకి చెప్పేదొకటే, ముందు దీర్ఘాలూ ఒత్తులూ సరిచూసుకోండి. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో అవి సరిగ్గా తెలియవు. ఇంకోటి, నిఘంటువు చెప్పేది మాట అర్థమే. ఈ కాలంలో ఆ పేరు పెట్టినవాళ్ల మనసులో ఏముందో దానికి తెలియదు. అందుకే పేరు మార్చమని నేననలేదు.

కార్డులో అర్థం తీసేసి పేరొక్కటే వేయించాం. చెల్లి అత్తగారు మాత్రం వాడు ఏడ్చినప్పుడల్లా నా వైపే చూస్తున్నారు.