లింక్డ్‌ఇన్‌లో నా పేరు కింద ఆ ఒక్క లైను

గుంటూరు అరండల్‌పేటలో ఒక ఆడిట్ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాక బ్రాడీపేటలో సొంతంగా చిన్న ఆఫీసు తెరిచాను. జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు కూడా అయింది. బోర్డు, విజిటింగ్ కార్డు కొత్తవి వచ్చాయి గానీ, లింక్డ్‌ఇన్‌లో మాత్రం నా పేరు కింద ఇంకా పాత ఆఫీసు పేరు, సీనియర్ అకౌంటెంట్ అనే ఉంది. అది నేను రాసింది కూడా కాదు. పేరు కింద వచ్చే ఆ లైనును హెడ్‌లైన్ అంటారు, మనం విడిగా రాయకపోతే మన హోదా, సంస్థ పేరు కలిపి లింక్డ్‌ఇన్ అదే పెట్టేసుకుంటుంది.

ప్రొఫైల్ తెరిచినవాళ్లకే కనబడేదైతే నేనూ అంత పట్టించుకునేదాన్ని కాదు. కానీ మనం ఎక్కడైనా కామెంటు పెట్టినా, ఎవరికైనా రిక్వెస్టు పంపినా, ఎవరైనా వెతికినా ముందుగా కనబడేది ఫోటో, పేరు, ఆ కింద ఈ లైనే. లోపల ఎంత రాసుకున్నా, ఈ లైను చూసి లోపలికి వచ్చినవాళ్లే అది చదువుతారు.

మార్చడం సులువే. ప్రొఫైల్లో పేరు పక్కనున్న పెన్సిల్ గుర్తు నొక్కితే హెడ్‌లైన్ గడి వస్తుంది. 220 అక్షరాల వరకు పడతాయి, ఖాళీలు కూడా లెక్కే. తలనొప్పంతా అందులో ఏం రాయాలన్న దగ్గరే.

మొదట చేతికి వచ్చిన లైను జీఎస్టీ, ఇన్‌కం ట్యాక్స్, టీడీఎస్, పీఎఫ్, ఈఎస్ఐ, అకౌంట్స్ అని వరసగా పేర్చినది. బ్రాడీపేటలో ఏ వీధిలోకి వెళ్లినా కనిపించే ఫ్లెక్సీ లాగే ఉంది. అందులో అబద్ధం ఏమీ లేదు, అవన్నీ నేను చేస్తాను. కాకపోతే అది చదివినవాడికి ఫలానా మనిషిని ఈవిడ దగ్గరికి పంపాలి అని తట్టదు. అన్నీ చేసేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

తర్వాతది ఇంకా నున్నగా వచ్చింది. వ్యాపారాలు ఎదగడానికి పన్ను పరిష్కారాలు అందిస్తాను అని అర్థం వచ్చే ఇంగ్లీషు లైను. దాన్ని విజయవాడలో ఇనుము వ్యాపారుల లెక్కలు చూసే ఒక స్నేహితురాలి పేరు కింద పెట్టి చూశాను. అక్కడా చక్కగా సరిపోయింది. ఇంకొకరి పేరు కింద కూడా అంత బాగా అతికే లైనుతో నాకేం పని?

అప్పుడు ఫీజుల పుస్తకం తీశాను. ఏడాది పొడుగునా ఎవరి దగ్గర నుంచి డబ్బు వచ్చింది, ఏ పనికి వచ్చింది, వాళ్లను పంపింది ఎవరు అని మూడు గడులు గీసి నింపుకుంటూ పోయాను. కిరాణా, హోటళ్లు, మెడికల్ షాపులు సంఖ్యలో ఎక్కువ, కానీ వాళ్లంతా ఇంటి చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్లే. ఊరి అవతల నుంచి, ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చినవాళ్లు మాత్రం దాదాపు అందరూ మిర్చి ఎగుమతి చేసేవాళ్లు. వాళ్లు తెచ్చిన పని కూడా ఒకటే. ఎగుమతికి పన్ను లేదు గానీ గోడౌన్ అద్దె, ప్యాకింగ్, లారీ కిరాయి లాంటి వాటి మీద కట్టిన జీఎస్టీ వాళ్ల క్రెడిట్ ఖాతాలో పోగుపడి ఉంటుంది. ఎల్‌యూటీ అనే హామీ పత్రం ఇచ్చి పన్ను కట్టకుండా సరుకు పంపినవాళ్లు ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవాలంటే పోర్టల్లో RFD-01 అనే రీఫండ్ దరఖాస్తు వేయాలి. షిప్పింగ్ బిల్లు వివరాలు అమ్మకాల రిటర్ను GSTR-1లో చూపినదానితో కలవకపోతే అక్కడ పని ఆగుతుంది.

మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చే నడిచింది. "మిర్చి వాళ్లకే అని రాసుకుంటే మిగతావాళ్లు రారేమో" అన్నారు మావారు. ఆ భయం నాకూ ఉంది. అయితే కిరాణా కొట్టు సుబ్బారావు గారి లాంటివాళ్లు లింక్డ్‌ఇన్ చూసి రాలేదు, చూడబోరు కూడా. ఫోన్ చేస్తారు, లేకపోతే నేరుగా మెట్లెక్కి వస్తారు. ఈ లైను చదివేది నన్ను ఎరగని ఎగుమతి కంపెనీల మేనేజర్లు, క్లియరింగ్ ఏజెంట్లు, మసాలా యూనిట్లలో లెక్కలు చూసేవాళ్లు. కాబట్టి దాన్ని వాళ్ల కోసమే రాయాలి. బోర్డు మీద మాత్రం అన్నీ అలాగే ఉంచాను.

ఎవరికి అన్నది తేలాక, ఏం చేస్తాను అన్నదానికి మాటలు వెతకాల్సి వచ్చింది. నా భాషలో అది జీరో రేటెడ్ సప్లైల మీద వాడుకోని ఇన్‌పుట్ క్రెడిట్ వాపసు. మిర్చి యార్డు దగ్గరి ఒక ఎగుమతి కంపెనీ మేనేజరు నాకు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు అన్న మాట వేరే. "మేడమ్, మా జీఎస్టీ రీఫండ్ ఇరుక్కుపోయింది, మీరు చూస్తారంట కదా" అన్నాడు. ఫోన్లో నన్ను అడిగినవాళ్లంతా రీఫండ్ అన్నారే తప్ప ఇన్‌పుట్ క్రెడిట్ అన్నవాళ్లు తక్కువ. వెతికే పెట్టెలో కూడా మనిషి అదే టైపు చేస్తాడు. కాబట్టి లైను రీఫండ్‌తోనే మొదలవ్వాలని తీర్మానించుకున్నాను. ఇరుక్కున్న రీఫండ్లు అని రాద్దామా అని కూడా అనిపించింది, వినడానికి పదునుగా ఉంది. కానీ అలా రాస్తే అన్నీ పాడయ్యాక వచ్చేవాళ్లే వస్తారు. ఆర్థిక సంవత్సరం మొదట్లో ఎల్‌యూటీ వేసే దగ్గర నుంచే వస్తే ఇద్దరికీ నయం.

రాసినదాన్ని చెన్నై పోర్టులో క్లియరింగ్ చూసే ఒకాయనకు ఫోన్లో ఒక్కసారి చదివి వినిపించాను. బాగుందా అని అడగలేదు. అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. "ఇది వింటే మీకు ఎవరు గుర్తొస్తున్నారండీ?" అని అడిగాను. ఆయన తడుముకోకుండా, "దుగ్గిరాల పసుపు పంపేవాళ్లు ఒకరున్నారమ్మా, దరఖాస్తులో లోపాలున్నాయని వాళ్లకి డెఫిషియెన్సీ మెమో వచ్చింది, మీరు మిర్చి ఒక్కటే చూస్తారా?" అన్నారు. పసుపు పనీ అదే పని. అందుకని మిర్చి పక్కన మసాలా దినుసులు చేరాయి. వ్యవసాయ ఎగుమతులు అని ఇంకా వెడల్పు చేద్దామనుకుని మానేశాను, అలా రాస్తే ఆయనకు ఎవరూ ప్రత్యేకంగా గుర్తుకు రారు.

చివరికి నిలిచింది ఇది:

```
GST refunds for chilli & spice exporters | LUT, RFD-01 | Guntur
```

63 అక్షరాలు. 220 ఉన్నాయి కదా అని నింపేయాలనిపిస్తుంది గానీ, ఫోన్లో కామెంట్ల దగ్గర చూస్తే లైను మొత్తం కనబడదు, ముందు ముక్క చూపించి తర్వాత చుక్కలు పెడుతుంది. మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఫోన్లో నా కామెంటు తెరిచి చూశాం. కత్తిరించాక కూడా ఏ పనో, ఎవరికో తెలుస్తోంది. అందుకే ఫారాల పేర్లు, ఊరు చివరికి వెళ్లాయి. ఊరు ప్రొఫైల్లో వేరే చోట ఉంటుంది కాబట్టి తీసేయొచ్చు, కానీ కామెంటు పక్కన అది కనబడదు, అందుకని ఉంచాను. ఇదే లైను వాట్సాప్ అబౌట్‌లోనూ పెట్టాను. అక్కడ 139 అక్షరాలే, హాయిగా పట్టింది.

కావాలని వదిలేసిన మాటలు రెండున్నాయి. రీఫండ్ గ్యారంటీ అని రాయలేదు. ఇవ్వడమా మానడమా తేల్చేది అధికారి, నేను కాగితాలు సరిగ్గా పెట్టగలను, అడిగినదానికి జవాబివ్వగలను, అంతే. ఇంకొకటి సీఏ. నేను ఆ సంస్థ సభ్యురాలిని కాను, ఆ రెండక్షరాలు నా పేరు దగ్గర ఉండటం చట్టానికే విరుద్ధం. ఈ రెండూ రాసుకునేవాళ్లను చూస్తూనే ఉంటాం.

ఈ లైనుతో నష్టమూ ఉంది. ఇదివరకు అప్పుడప్పుడూ ఉద్యోగాల వాళ్ల నుంచి మెసేజీలు వచ్చేవి, ఇప్పుడు తగ్గాయి. వాళ్లు వెతికేది అకౌంటెంట్ అని, నా లైనులో ఆ మాటే లేదాయె. నాకు ఉద్యోగం అక్కర్లేదు కాబట్టి సరిపోయింది. వచ్చే ఫోన్లు మాత్రం మారాయి. ఫీజెంత అనేది చివర్లోకి వెళ్లింది, ముందుగా షిప్పింగ్ బిల్లు నంబరు తప్పు పడింది, సరిచేయొచ్చా అని అడుగుతున్నారు.

ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు నా లైను నమూనా పనికిరాదని మా ఆఫీసు అమ్మాయి విషయంలో తెలిసింది. బీకాం అయిన కొత్త పిల్ల. తన లైనులో ఫ్రెషర్, కష్టపడి పనిచేస్తాను, అవకాశాల కోసం చూస్తున్నాను అని ఉంది. "అక్కా, నాకు క్లయింట్లు లేరు కదా, ఎవరికి అని ఏం రాయను?" అంది. ఆమెకు ఆ ఎవరికి అంటే పని ఇచ్చే ఆఫీసు, ఆ ఆఫీసుకు వచ్చే వ్యాపారులు. నా దగ్గర రోజూ చేసే పని ఏమిటో చెప్పమన్నాను. ట్యాలీలో ఎంట్రీలు వేస్తుంది. ప్రతి నెలా 14న, సప్లయర్లు ఎక్కించిన బిల్లుల జాబితా GSTR-2B వచ్చాక కొనుగోలు బిల్లులతో సరిపోల్చి, సప్లయర్ ఎక్కించని బిల్లులు ఏరుతుంది. అది చాలామంది కొత్తవాళ్లకు రాని పని. అవకాశాల కోసం చూస్తున్నానన్నది చెప్పడానికి లింక్డ్‌ఇన్‌లో ఓపెన్ టు వర్క్ అని విడిగా ఒక ఏర్పాటు ఉంది, దానికి హెడ్‌లైన్లో చోటు ఖర్చు చేయక్కర్లేదు. కష్టపడతాను అన్నది ఎవరూ వెతకరు. అకౌంట్స్ అసిస్టెంట్ అనే హోదా పేరు మాత్రం ముందే ఉండాలి, ఉద్యోగాల వాళ్లు టైపు చేసేది అదే.

```
Accounts Assistant | Tally, GSTR-2B matching for small traders | Guntur
```

"బీకాం అని లేకపోతే ఎలా అక్కా" అని కాసేపు గునిసింది. అది కింద చదువు గడిలో ఉంది కదా అన్నాను. ఒప్పుకోలేదు. సరే, చోటుంది, చివర్న పెట్టుకోమన్నాను.