ట్యూబు పేరు చెప్పమంటుంది

పిన్ని మధ్యాహ్నం ఫోన్ చేసి, అల్లుడుగారికి మొలలట, మీ అన్నయ్య వాడిన ట్యూబు పేరు మెసేజ్ పెట్టమంది. నేను పెట్టలేదు. సాయంత్రం మళ్ళీ చేసింది. పేరు చెబితే నీ సొమ్మేం పోయిందన్నట్టుంది గొంతు. అప్పట్నుంచీ చికాకే.

అన్నయ్య వాడని ట్యూబు లేదు, అదీ నా బాధ. మందుల షాపులో ఎవరూ లేనప్పుడు చూసి కొనుక్కునేవాడు. రాసుకుంటే కాసేపు చల్లగా ఉండేది, మళ్ళీ లారీ స్టీరింగు ముందు కూర్చునేవాడు. ఇంట్లో మాత్రం అందరిదీ ఒకే మాట: వేడి చేసిందిరా, మజ్జిగ తాగు. ఏళ్ళ తరబడి అదే మాట. వదినకి అనుమానం వచ్చింది లుంగీల వల్ల. లేత రంగువి మానేసి అన్నీ ముదురు మెరూనువే కొంటున్నాడు. సీటు మీద నాలుగు మడతల తువ్వాలు, అదీ మెరూనే. భోజనానికి కూర్చుంటే బరువంతా ఎడమ తొడ మీదే వేసేవాడు.

మధ్యలో ఊరి చివర ఒకాయన ఆపరేషన్ లేకుండా తగ్గిస్తానంటే వెళ్ళి ఏదో ఇంజక్షన్ చేయించుకున్నాడు. ఏం మందో ఆయనా చెప్పలేదు, వీడూ అడగలేదు. వాపూ జ్వరమూ వచ్చి పది రోజులు బోర్లా పడుకున్నాడు. ఆ మనిషి మీద కోపం నాకింకా తగ్గలేదు.

చివరికి రక్తం పోయి హిమోగ్లోబిన్ 7కి దిగి, టార్పాలిన్ తాడు బిగించడానికే ఆయాసపడుతుంటే వదిన భీమవరంలో సర్జన్ దగ్గరికి లాక్కెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఆయన ముందు రెండు ప్రశ్నలు వేశారు. నొప్పి ఎప్పుడు? బయటికి వచ్చేదేమైనా ఉందా? దొడ్డికి వెళ్ళేటప్పుడు గాజుపెంకుతో కోసినట్టుంటుంది, ఆ తర్వాత గంటసేపు మంట, గడ్డలు బయటికొస్తే వేలితో లోపలికి నెట్టుకుంటానని అన్నయ్య తలదించుకుని చెప్పాడు. లోపలి మొలలు మామూలుగా రక్తమే ఇస్తాయి, నొప్పి పెద్దగా ఉండదు, ఈ కోత వేరేదన్నారు. చూస్తే ఆసనం దగ్గర చర్మం చీరుకుని ఉంది, ఫిషర్. అంటే అన్నేళ్ళూ మొలల నొప్పి అనుకున్నది చాలావరకూ ఈ చీలికదే. రక్తం ఎక్కువగా పోయింది మొలల వల్ల. రెండూ ఒకేచోట ఉంటే ఇంట్లో కూర్చుని ఎవరు కనిపెడతారు? పిన్నికి నేను చెప్పాలనుకున్నది ఇదే, ఆవిడ వినదు.

ముందు చీలిక మానాలన్నారు. కండరం బిగువు తగ్గించే పూత, రాత్రి ఈసబ్‌గోల్ గ్లాసుడు నీళ్ళతో, టబ్బులో గోరువెచ్చని నీళ్ళలో రోజుకి రెండు మూడుసార్లు పదేసి నిమిషాలు. రెండు నెలలు పట్టింది. ఈలోగా ఐరన్ మాత్రలు. మొలలున్నాయి కదా అని రక్తమంతా వాటి మీదకే తోసెయ్యకూడదని, 48 ఏళ్ళ మనిషి కాబట్టి కొలొనోస్కోపీ కూడా చేయించారు. పేగులో ఏమీ లేదు. ఆ తర్వాతే మొల మొదట్లో చిన్న రబ్బరు బ్యాండు బిగించారు. అక్కడి పొరకి కోత నొప్పి తెలియదట, మత్తు ఇవ్వలేదు. రక్తం అందక మొల ఎండి వారం పది రోజుల్లో రాలిపోతుంది. ఆ రోజు కాస్త రక్తం పడుతుంది, ఎక్కువ పడినా, జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా వెంటనే రమ్మన్నారు. అన్ని మొలలకీ ఒకేసారి వేయలేదు, విడతలుగా వేశారు.

ఇంతసేపూ అన్నయ్య దాచుకోవడం మీదే కోపంగా ఉన్నాను. డాక్టరుగారు అడిగినప్పుడు వాడు చెప్పిన సంగతి ఇప్పుడు గుర్తొస్తుంటే ఆ కోపం నిలవడం లేదు. ఆకివీడులో ఐసు వేసి చేపల లోడు ఎక్కిస్తే హౌరా మార్కెట్టు టైముకి దిగాలి. దారిలో ఆగాల్సి వస్తుందని నీళ్ళు తాగడు. దొడ్డికి వచ్చినా, తలుపున్న చోటు దొరికేదాకా ఆపుకుంటాడు. ఆపుకుంటే అందులో నీరు ఇంకి గట్టిపడుతుంది, గట్టిదాన్ని ముక్కితే ఇవన్నీ వస్తాయి, సీటు వేడి కాదు అన్నారాయన. అది విని వదిన మజ్జిగ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు లోడుకి రెండో డ్రైవరుంటేనే వెళ్తున్నాడు. ఒకరు ఆగినా బండి ఆగదు. ఆ రెండో మనిషి జీతం గురించి ఓనరు నెలనెలా సణుగుతూనే ఉన్నాడు, అన్నయ్య ఒప్పుకోవడం లేదు.