ఒక కుటుంబం, మూడు తరాలు: జీవిత కథన ఇంటర్వ్యూల ప్రశ్నకు నేను సిద్ధమైన తీరు

పరీక్ష కోసం సోషియాలజీలో పరిశోధన పద్ధతులు చదివేటప్పుడు జీవిత చరిత్ర, మౌఖిక చరిత్ర అనే అంశాలను నిర్వచనం, ప్రయోజనాలు, పరిమితులు అనే వరుసలో నోట్స్ రాసుకోవడం మనందరికీ అలవాటే. అయితే అలా రాసిన సమాధానం ఏ గుణాత్మక పద్ధతికైనా అతికిపోతుంది. అందుకని ఒక ఊహాకుటుంబాన్ని కల్పించుకుని, వలస లేదా నిర్వాసిత్వంపై ఏ ప్రశ్న వచ్చినా ఆ కుటుంబం మీదుగానే సమాధానం నడిపించడం సాధన చేశాను.

ఆ కుటుంబం ఊరు ఒక జలాశయంలో మునిగిపోయింది. అప్పటికి నాయనమ్మ పిల్లల తల్లి, ఆమె కొడుకు బడికి వెళ్లే వయసువాడు, మనవరాలు ఆ తర్వాత పునరావాస కాలనీలో పుట్టింది. ఊరు ఖాళీ అయిన సంఘటనను చూసినవారి నోట వినడం మౌఖిక చరిత్ర అవుతుంది. ఆ సంఘటన ఒక్కొక్కరి మొత్తం జీవితంలో ఏ స్థానంలో నిలిచిందో తెలుసుకోవడం జీవిత చరిత్ర అవుతుంది. తరాల అధ్యయనానికి ఈ రెండూ కావాలి.

ముగ్గురినీ విడివిడిగా కూర్చోబెట్టాలి. కలిసి కూర్చుంటే పెద్దవారు చెప్పిన కథనాన్నే మిగతావారు బలపరుస్తారు, మనకు దక్కేది ఇంటిల్లిపాదీ ఒప్పుకున్న ఒకే కథ. జర్మన్ సమాజ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ షూట్జె 1970లలో రూపొందించిన కథన ఇంటర్వ్యూ ఇక్కడ పనికొస్తుంది. మొదట ‘మీ జీవితాన్ని మీకు గుర్తున్న దగ్గర నుంచి చెప్పండి’ అని అడిగి, చెప్పేవారు తామే ముగించే వరకు అడ్డుపడకూడదు. తర్వాత వారు చెప్పిన దానిలోని ఖాళీల గురించి మాత్రమే అడగాలి. మన సొంత ప్రశ్నలు, కారణాలు, అభిప్రాయాలు చివరికి రావాలి. మొదటే ‘ఊరు ఎందుకు వదిలారు’ అని అడిగితే మనిషి జరిగినదాన్ని చెప్పడం మాని, సమర్థించుకోవడం మొదలుపెడతాడు. ఈ వరుస వెనుక ఉన్న కారణం రాసినవారు, నా అంచనాలో, పేర్లు మాత్రమే రాసినవారికన్నా ముందుంటారు.

అసలు విషయం కథనాలు పొసగని చోట ఉంది. నీళ్లు ఊళ్లోకి వచ్చిన రాత్రే కట్టుబట్టలతో బయలుదేరామని నాయనమ్మ చెబుతుంది. పరీక్షలయ్యాక, వేసవిలో, సామాను లారీకెత్తుకుని వచ్చామని కొడుకు అంటాడు. ఇక్కడ జీవిత క్యాలెండర్ వేయాలి: ఒక వైపు సంవత్సరాలు, మరో వైపు పుట్టుకలు, తరగతులు, పంటలు, ఇల్లు మారడాలు. కొడుకు చదివిన తరగతి, చెల్లెలి పుట్టుక, ఖాళీ చేయమన్న నోటీసు తేదీ పక్కపక్కన పెడితే, నీళ్లు రావడానికి నెలల ముందే వారు కాలనీకి చేరారని తేలుతుంది. అంతమాత్రాన నాయనమ్మ మాటను తప్పని కొట్టేయకూడదు. రెండో విడతలో కాలనీలోని తొలి నెలల గురించి అడిగితే, ఎప్పటికైనా తిరిగి వెళ్తామన్న ఆశ ఆ రాత్రి వరకు మిగిలే ఉందని ఆమె చెబుతుంది. ఆమె లెక్కలో ఊరు వదలడం ఆ రాత్రే జరిగింది.

దీనికి ఇటలీకి చెందిన మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి ఇచ్చిన ఉదాహరణ చక్కగా సరిపోతుంది. ఇటలీలోని టెర్నీలో లుయిజీ ట్రాస్టుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949లో నాటో వ్యతిరేక నిరసనలో పోలీసుల చేతిలో మరణించాడు. చాలామంది కార్మికులు ఆ మరణాన్ని 1953 నాటి భారీ తొలగింపుల పోరాటంలో జరిగినట్టు గుర్తుంచుకున్నారు. జ్ఞాపకంలో తేదీ ఏ దిశగా మారిందో చూస్తే ఆ సమూహం దానికి ఇచ్చుకున్న అర్థం తెలుస్తుందని పోర్టెల్లి వాదించాడు. జర్మన్ సమాజ శాస్త్రవేత్త గాబ్రియేలె రోజెంటాల్ కూడా జీవించిన జీవితాన్నీ, చెప్పిన జీవితాన్నీ విడివిడిగా పునర్నిర్మించి, ఆ తర్వాతే పోల్చమంటుంది.

మనవరాలు కూడా ‘ఆ రాత్రి’ గురించి చెబుతుంది. అయితే అంతకు ముందు ఏమైంది, ఎవరెవరున్నారు అని అడిగితే ఆమె దగ్గర వివరాలుండవు. నాయనమ్మ వాక్యాలే యథాతథంగా వస్తాయి. విన్న జ్ఞాపకాన్ని గుర్తుపట్టే ఆనవాలు ఇదే. ఆమెను సాక్షిగా కాక వారసురాలిగా చదవాలి: కాలనీ ఇంటి పట్టా, ధ్రువపత్రాల ఇబ్బంది ఆమె సొంత అనుభవం, వాటిని వివరించడానికి ఆమె ఆ రాత్రిని వాడుకుంటోంది.

పరిమితుల్లో రెండే రాస్తాను. వేరే చోటికి వెళ్లిపోయిన చిన్నాన్న శాఖ, లేదా తెగిపోయిన శాఖ, మన రికార్డింగులో ఉండదు. కాబట్టి ముందే వంశవృక్షం గీసి, ఎవరు వినబడలేదో గుర్తించాలి. రెండోది గోప్యత: పేర్లు మారిస్తే బయటివారు గుర్తుపట్టరు గానీ, పరిహారం సొమ్ము ఎవరు తీసుకున్నారని నాయనమ్మ చెప్పిందో కొడుకు చదవగానే గుర్తిస్తాడు. అందుకే సమ్మతి ఇంటర్వ్యూకు ముందు ఒకసారి, ప్రతి రాతప్రతి చదివి వినిపించాక మరోసారి, ఒక్కొక్కరి నుంచి విడిగా తీసుకోవాలి.